తమిళ వీడియో, తెలుగు గొంతు, పెదవుల లెక్క: చెన్నై స్టూడియో చర్చ

(చెన్నైలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం నుంచి. పాల్గొన్నవారు: డబ్బింగ్ మాటల రచయిత్రి, స్పీచ్ ఇంజనీర్, వీడియో ఎడిటర్.)

సమన్వయకర్త: నమస్కారం. తమిళంలో తీసిన వ్యవసాయ వీడియోలు ఇప్పుడు చిత్తూరు, నెల్లూరు రైతుల కోసం తెలుగులోకి వస్తున్నాయి. చాలావాటికి డబ్బింగ్ యంత్రమే చెబుతోంది. అదే మనిషి గొంతు, పెదవులు కూడా కదులుతాయి, అయినా వినేవాళ్లకి ఏదో తేడాగా ఉంటుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఒక్క వాక్యం పట్టుకుని చూద్దాం. మేడమ్, ఆ వాక్యం మీరే చెప్పండి.

రచయిత్రి: టమాటా పంట మీద వీడియో. నిపుణుడు కెమెరాకేసి చూస్తూ ఇలా అంటాడు: "ఒరు లిట్టర్ తణ్ణిక్కు అంజు మిల్లి వేప్పెణ్ణై కలందు సాయంగాలం తెళిక్కణుం." వాక్యం 4.2 సెకన్లు పట్టింది. దాన్ని యంత్రం ఇలా అనువదించింది: "ఒక లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేప నూనెను కలిపి సాయంత్రం సమయంలో పిచికారీ చేయాలి." అర్థంలో తప్పు పట్టడానికేం లేదు. కానీ పొల్లులు వదిలేసి పలికే అక్షరాలు లెక్కేయండి. తమిళంలో 25 ఉంటే తెలుగులో 37 అయ్యాయి.

ఇంజనీర్: కథంతా అక్కడే మొదలవుతుందండి. మామూలు వేగంతో చదివితే ఆ తెలుగు వాక్యానికి సుమారు 5.9 సెకన్లు కావాలి. ఉన్నవి 4.2. ఆటోమేటిక్ డబ్బింగ్ గొలుసులో ముందు తమిళ మాట రాతగా మారుతుంది, తర్వాత అనువాదం, తర్వాత గొంతు, చివర్లో ఆ ఆడియోని పాత వాక్యం పట్టిన చోట్లో ఇరికించడం. అనువాదం చేసే మోడల్‌కి ఎంత సమయం ఉందో తెలియదు. గొంతు తయారుచేసే మోడల్‌కి తెలిసినా, ఇచ్చిన మాటలు మార్చే అధికారం దానికి లేదు. కాబట్టి ఆఖరి మెట్టు దగ్గర ffmpeg లాంటి టూల్ ఆడియోని 1.4 రెట్లు వేగం చేసి కూర్చోబెడుతుంది.

సమన్వయకర్త: 1.4 అంటే మరీ అంత ఎక్కువా? యూట్యూబ్‌లో ఒకటిన్నర వేగంతో వినేవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా.

ఇంజనీర్: వాళ్లు మొత్తం వీడియోని ఒకే వేగంతో వింటారు, చెవి అలవాటు పడుతుంది. ఇక్కడ ఒక వాక్యం 1.4, పక్కది 1.05, ఆ తర్వాతది 1.3. చెప్పే మనిషి ఉన్నట్టుండి కంగారు పడి, మళ్లీ తేరుకున్నట్టుంటుంది. పైగా మనిషి తొందరగా మాట్లాడినప్పుడు ముందు విరామాలు తగ్గించుకుంటాడు. యంత్రం అన్నిటినీ ఒకే కత్తెరతో కోస్తుంది. తెలుగులో ఒత్తుకీ ఒంటి అక్షరానికీ, దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా నిలబడేదే వ్యవధి మీద. అది పల్చబడితే మాట ముద్దగా వినిపిస్తుంది. నా లెక్కలో 1.1 దాకా ఫరవాలేదు. 1.15 దాటిందంటే ఆడియో జోలికి పోకుండా వాక్యాన్ని వెనక్కి పంపాలి.

రచయిత్రి: వెనక్కి వస్తే చేసే పని ఇది. "లీటరు నీళ్లకి ఐదు మిల్లీ వేపనూనె కలిపి సాయంత్రం పూట కొట్టాలి." లెక్కేయండి, సరిగ్గా 25. "ఒక" అక్కర్లేదు, "లీటరు నీళ్లకి" అంటేనే ఒకటి. "సమయంలో" ఎవరంటారు పొలంలో? "పిచికారీ చేయాలి"కి ఏడు అక్షరాలు, "కొట్టాలి"కి మూడే. రైతు మందు కొడతానంటాడు, పిచికారీ కరపత్రాల్లో మాట. వాడుక మాట పెడితే నిడివి దానంతటదే తగ్గుతుంది. యంత్రం అనువాదాలు పొడుగ్గా రావడానికి పెద్ద కారణం అవి పత్రికల భాషలో రావడమే అని నా నమ్మకం.

ఎడిటర్: ఇంకో చిన్న సంగతి. స్క్రిప్టులో "5 మి.లీ." అని ఉంటే గొంతు మోడల్ కొన్నిసార్లు "మి" "లీ" అని విడివిడిగా చదువుతుంది. 0.5ని అర అనాలా, సున్నా పాయింట్ ఐదు అనాలా దానికి తెలియదు. మందు మోతాదులన్నీ అక్షరాల్లోనే రాసి పంపాలి.

సమన్వయకర్త: సరే, నిడివి కుదిరింది. ఇక పెదవులు?

ఎడిటర్: చూసేవాళ్ల కన్ను ప్రతి అక్షరాన్నీ పట్టుకోదు. పెదవులు మూసుకునే అక్షరాల్నే పట్టుకుంటుంది: ప, ఫ, బ, భ, మ. తెర మీద నోరు తెరిచి ఉండగా "ప" వినిపిస్తే వెంటనే తెలిసిపోతుంది. "క" బదులు "ట" వచ్చినా ఎవరికీ పట్టదు, అవి నోటి లోపల పలికేవి. అందుకే తమిళంలో పెదవులు మూసుకున్న చోట్లు గుర్తు పెట్టుకుంటాం. వాక్యం ముగిసే "ణుం" వదిలేస్తే ఈ వాక్యంలో అవి మూడు: "మిల్లి"లో పదో అక్షరం, "వేప్పెణ్ణై"లో పదమూడోది, "సాయంగాలం" చివర, అంటే ఇరవై ఒకటి దాటే చోట. అలవాటుగా మాట్లాడేవాళ్లు ఆ చివరి "ం"ని ముక్కులోకి తోసేసి పెదవులు పూర్తిగా మూయరు, అది ఒక్కో ఫ్రేమూ జరిపి చూసుకోవాల్సిందే.

రచయిత్రి: తెలుగులో "మిల్లీ"లో "మి" తొమ్మిదోది, "వేపనూనె"లో "ప" పన్నెండోది, "సాయంత్రం పూట"లో "పూ" ఇరవై ఒకటోది. మూడూ ఒక్కో అక్షరం ముందే వస్తున్నాయి.

ఎడిటర్: అన్నీ ఒకే వైపు, ఒకే మేర తప్పాయి కాబట్టి ఇది తేలిక. ఇక్కడ ఒక అక్షరానికి సగటున 0.17 సెకను. వీడియో సెకనుకి 25 ఫ్రేములైతే నాలుగు ఫ్రేములు. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి గమనిస్తాడని, వెనకపడితే 125 దాకా గమనించడని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు బీటీ.1359లో ఉంది. అంటే ముందు రావడం చాలా చెడ్డది. మనది 170 ముందుంది. మొత్తం వాక్యాన్ని నాలుగు ఫ్రేములు వెనక్కి జరిపితే మూడు చోట్లా కుదురుతుంది.

```
ffmpeg -i 07_te.wav -af "adelay=160:all=1" 07_shift.wav
```

మొదట "ఒరు" అని పెదవులు కదులుతుంటే నాలుగు ఫ్రేములు నిశ్శబ్దం ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టుకోరు. చివర్లో నాలుగు ఫ్రేములు ఎక్కువవుతాయి, తర్వాతి వాక్యానికి ముందున్న ఖాళీలోంచి తీసుకోవచ్చు. అక్షరాలన్నీ ఒకే నిడివిలో ఉండవు కనుక ఈ లెక్క మొదటి అంచనాయే. చివరి సర్దుబాటు ఆడియో వేవ్‌ఫామ్ చూసి చేయాలి.

సమన్వయకర్త: మరి "కలిపి"లో కూడా "పి" ఉంది కదా?

ఎడిటర్: అదే మిగిలిన ముల్లు. జరిపాక ఆ "పి" పద్దెనిమిదో చోట పడుతుంది. అక్కడ తెర మీద "సాయంగాలం"లో "సా", నోరు బార్లా తెరిచి ఉంటుంది. ఇంతకన్నా చెడ్డ చోటు దొరకదు.

రచయిత్రి: "కలిపి" తీసేసి "వేసి" పెట్టొచ్చు, పెదవులు మూసుకోవు. కానీ నేను పెట్టను. వేపనూనె నీళ్లలో దానంతటది కలవదు, పైన తేలుతుంది. బాగా కలపాలన్న సంగతి ఆ మాటలోనే ఉంది. పెదవి కోసం దాన్ని వదులుకోవడం తప్పు.

ఎడిటర్: అప్పుడు రెండు దారులు. అక్కడ సీసా, కొలత మూత ఉన్న షాట్ వేసి ముఖం కనబడకుండా చేయడం నాకు ఇష్టమైనది. అలాంటి షాట్ లేకపోతే శబ్దానికి తగ్గట్టు పెదవుల్ని కొత్తగా గీసే లిప్-సింక్ మోడల్‌ని ఆ పది పదిహేను ఫ్రేముల మీదే నడపడం.

సమన్వయకర్త: వీడియో మొత్తం మీద నడిపితే ఏమవుతుంది?

ఇంజనీర్: హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2020లో తయారైన వావ్2లిప్‌నే తీసుకోండి. ముఖాన్ని 96 పిక్సెల్ చుక్కలు బై 96కి కుదించి, కింది సగం మూసేసి, శబ్దాన్ని బట్టి ఆ సగాన్ని కొత్తగా గీస్తుంది. హెచ్‌డీ క్లోజప్‌లో ముఖం ఐదొందల చుక్కల ఎత్తు ఉందనుకోండి, గీసిన నోటిని అయిదింతలకు సాగదీయాలి. మీసం మసకబారుతుంది, పళ్లు ఒకే తెల్ల పట్టీలా కనిపిస్తాయి. తర్వాత వచ్చిన మ్యూజ్‌టాక్ లాంటివి 256 మీద పనిచేస్తాయి. మెరుగే, కానీ మీసం ఫ్రేము ఫ్రేముకీ వణకడం, చెయ్యో మైకో నోటికి అడ్డొచ్చినప్పుడు దాని మీదే పెదవులు గీయడం పూర్తిగా పోలేదు. ఇంకో లోపం అంతగా కంటికి కనబడదు. వావ్2లిప్ నేర్చుకున్నది బీబీసీ ఇంగ్లీషు వీడియోల మీద, ప్రతిసారీ అయిదు ఫ్రేముల ముక్క చూసి శబ్దంతో పొంతన ఉందా అని తూచుకుంటుంది. మొత్తం మీద పొంతన బాగుంటే మార్కులు పడతాయి. "ప" దగ్గర పెదవులు నిజంగా తాకాయా లేదా అన్నది ఆ మార్కుల్లో విడిగా తేలదు. పెదవులు మూసుకునేది రెండు మూడు ఫ్రేములే కాబట్టి సగం మూసి వదిలేసినా స్కోరు బాగానే వస్తుంది.

ఎడిటర్: కనుక స్కోరు నమ్మకండి. `mpv` ప్లేయర్‌లో వీడియో తెరిచి, ప్రతి "ప", "బ", "మ" దగ్గర ఆపి, చుక్క మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ జరపండి. ఒక్క ఫ్రేములో కూడా పెదవులు తాకకపోతే ఆ చోటు ఫెయిల్.

సమన్వయకర్త: గొంతు సంగతి. ఆ నిపుణుడి గొంతు పోలిక వస్తోంది కదా?

ఇంజనీర్: గొంతు రంగు వస్తుంది. పది సెకన్ల నమూనా చాలు. కానీ నమూనా గదిలో ప్రతిధ్వని ఉంటే అదీ వస్తుంది, తమిళ యాసా వెంట వస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోటు ఊనిక. ఆ నిపుణుడు "అంజు మిల్లి" దగ్గర గొంతు పెంచి, కాస్త ఆగి చెప్పాడు, అక్కడ మోతాదు ఉంది కనుక. మధ్యలో రాతగా మారేసరికి ఆ ఒత్తిడి రాలిపోతుంది. తెలుగు గొంతు "ఐదు"నీ "సాయంత్రం"నీ ఒకే బరువుతో చదివేస్తుంది.

రచయిత్రి: దానికి మందు ఉంది. ఒక డబ్బింగ్ ఆర్టిస్టు తెలుగు వాక్యాన్ని బొమ్మ చూస్తూ చెబుతారు. ఊనిక, విరామం, పెదవుల సర్దుబాటు అన్నీ వాళ్లవే. తర్వాత ఆ రికార్డింగ్ మీద గొంతు రంగు ఒక్కటే మారుస్తారు.

ఇంజనీర్: ఔను, రాత నుంచి కాకుండా మాట నుంచి మాటకి మార్చే మోడళ్లు, ఆర్‌వీసీ లాంటివి. ఎంత సాగదీశారో, ఎక్కడ ఆగారో అలాగే నిలుస్తుంది. యాస కూడా ఆర్టిస్టుదే ఉంటుంది, ఇక్కడ మనకి కావలసింది అదే. దీనికి ఇద్దరి దగ్గరా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, గొంతు ఎవరిదో వారిదీ, మాట ఎవరిదో వారిదీ. అనుమతి లేకుండా గాయకుడి గొంతు క్లోన్ చేసే టూల్స్ మీద బొంబాయి హైకోర్టు 2024లో అరిజిత్ సింగ్ కేసులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. "వీడియో మాదే కదా" అనుకుంటే చాలదు.

సమన్వయకర్త: అప్‌లోడ్ చేసే ముందు ఆఖరి పరీక్ష ఏమిటి?

రచయిత్రి: తమిళం రాని ఒక తెలుగు మనిషికి బొమ్మ లేకుండా ఆడియో ఒక్కటే, అదీ ఫోన్ స్పీకర్లో వినిపించండి. ఎంత నీళ్లకి ఎంత మందు, ఎప్పుడు కొట్టాలో కాగితం మీద రాయమనండి. లీటరు, ఐదు మిల్లీ, సాయంత్రం. ఈ మూడింట్లో ఒక్కటి తప్పు రాసినా, మళ్లీ వినిపించమని అడిగినా, ఆ వాక్యం నా దగ్గరికి తిరిగి రావాలి.