మూడేళ్లలోపు పిల్లలకి వద్దు అనే మాట లిస్టింగ్‌లో ఎక్కడ పెట్టాలి

[స్క్రీన్ మీద: బల్ల మీద లక్కపిడతల సెట్, పొయ్యి, కుండలు, మూతలు, గరిటె, తిరగలి]

నమస్తే అండి, ఇవాళ ఈ ఒక్క సెట్ తీసుకుని మాట్లాడుకుందాం, ఏటికొప్పాక లక్కపిడతలు. హైదరాబాద్‌లో కూర్చొని ఆన్‌లైన్‌లో బొమ్మలు అమ్మేవాళ్లు చాలామంది ఇలాంటి సెట్లకి ఏజ్ దగ్గర ఏం రాస్తారంటే "అన్ని వయసుల పిల్లలకి" అని రాసేస్తారు, ఎక్కువమంది కొంటారని. అది మన ఇష్టం కాదండి, బొమ్మ చెప్తుంది వయసు.

[క్లోజప్: కాగితం గొట్టం చుడుతున్న చేతులు]

ఎలాగంటే, బొమ్మల స్టాండర్డ్ ఐఎస్ 9873లో చిన్న భాగాల టెస్ట్ ఒకటి ఉంటుంది, 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం, అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1 మిల్లీమీటర్లు. నొక్కకుండా, ఎటు తిప్పి వేసినా సరే, ఏ ముక్కైనా పూర్తిగా అందులో పడిపోయిందంటే అది మూడేళ్లలోపు పిల్లల గొంతుకి అడ్డం పడొచ్చు అని లెక్క. ఇంట్లో ఉజ్జాయింపుగా చూడాలంటే సరిగ్గా 10 సెంటీమీటర్ల కాగితం కోసి అంచుకి అంచు తాకేలా చుట్టండి, ఇంచుమించు అదే వెడల్పు వస్తుంది, ఎత్తు 5.7 సెంటీమీటర్లు ఉంచండి. ఇది ల్యాబ్ టెస్ట్‌కి బదులు కాదు, లిస్టింగ్ రాసే ముందు మనం కళ్లతో చూసుకోవడానికి.

ఇదిగో ఈ సెట్‌లో కుండ పడలేదు. మూత పడింది. తిరగలి పిడి ఊడొచ్చింది చూడండి, అదీ పడింది. స్టాండర్డ్‌లో కూడా బొమ్మని కింద పడేసి, లాగి చూసి, ఊడిన ముక్కల్ని కూడా లెక్కేస్తారు. సెట్‌లో ఒక్క ముక్క పడినా మొత్తం సెట్‌కి మూడేళ్లు పైబడిన పిల్లలకి అనే రాయాలి.

కానీ ఇంకో మాట, గిలక్కాయలకీ పళ్లొచ్చేటప్పుడు కొరికే బొమ్మలకీ "3 ఏళ్లు పైన" అని రాసి తప్పించుకోవడం కుదరదు, అవి చూస్తేనే పసిపిల్లలవి అని తెలుస్తుంది కదా, చిన్న ముక్కలు ఊడేలా ఉంటే అసలు అమ్మకూడదు అంతే.

[స్క్రీన్ మీద: ఫోన్‌లో సెర్చ్ రిజల్ట్స్]

ఇప్పుడు ఎక్కడ పెట్టాలి. కొనేవాళ్లు ఫోన్‌లో ఏం చూస్తారు, మొదటి ఫొటో, టైటిల్‌లో ముందున్న కొన్ని మాటలు, రేటు. డిస్క్రిప్షన్ సగం మడిచి ఉంటుంది, దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. అందుకే టైటిల్ ఇలా: "లక్కపిడతల వంట సెట్, 3 ఏళ్లు పైన, చెక్క". మొదటి ఫొటో మీద అక్షరాలు చాలా సైట్లు ఒప్పుకోవు, రెండో ఫొటోలో పెట్టండి, మూతని పెద్దవాళ్ల అరచేతిలో పెట్టి తీసి, కింద పెద్ద అక్షరాల్లో "36 నెలల లోపు పిల్లలకి ఇవ్వకండి, చిన్న ముక్కలున్నాయి, గొంతుకి అడ్డం పడొచ్చు". ఎందుకో చెప్పకుండా ఉత్త "హెచ్చరిక" అని పెడితే ఎవరూ పట్టించుకోరు. డిస్క్రిప్షన్ మొదటి లైన్‌లో కూడా అదే మాట.

మూడో ఫొటోలో మెటీరియల్. "100 శాతం సేఫ్" అంటే ఏం తెలిసింది చెప్పండి? అంకుడు కర్ర, పైన లక్క పూత, రంగులు దేంతో చేశారో తయారుచేసిన వాళ్లనడిగి అది రాయండి, చెప్పలేకపోతే "నేచురల్" అనే మాట తీసేయండి. దీనికి తోడు నిజంగా పనికొచ్చేది, శానిటైజర్‌తో తుడవొద్దు, ఆల్కహాల్‌కి లక్క కరుగుతుంది, వేడినీళ్లలో పెట్టొద్దు, మెత్తబడుతుంది. కొన్నాక పూత పోయిందని వచ్చే గొడవలు కూడా దీంతోనే తగ్గుతాయి.

ఐఎస్ఐ మార్క్ సంగతి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి తప్పనిసరి. బేగంబజార్‌లో తెచ్చిన ప్లాస్టిక్ వంట సెట్ అయితే మార్క్, దాని కింద CM/L తో మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి, ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసి, డబ్బా మీది ఆ భాగం క్లియర్‌గా ఫొటో తీసి పెట్టండి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టరైన కళాకారులు చేసినవాటికి మినహాయింపు ఉంది, జీఐ అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు, అది ఉన్న బొమ్మల్ని దానికి రిజిస్టరైన వాళ్లు చేస్తే వాటికీ ఉంది. అలాంటప్పుడు ఆ వివరం రాయండి, అంతేగానీ అందంగా ఉంటుందని ఐఎస్ఐ లోగో దింపి అతికించకండి.

[స్క్రీన్ మీద: ఏజ్ ఫీల్డ్, పక్కన నెలలు, సంవత్సరాలు]

చివరగా ఎక్కువమంది పొరపాటు పడేది ఇదిగో ఇక్కడ, ఏజ్ ఫీల్డ్‌లో 3 కొట్టి పక్కన యూనిట్ "నెలలు" అనే వదిలేస్తారు, టైటిల్ ఒకటి చెప్తుంది, ఫిల్టర్ ఇంకోటి చెప్తుంది, మూడు నెలల పాప కోసం వెతికేవాళ్లకి మీ తిరగలి కనిపిస్తుంది. లిస్టింగ్ లైవ్ అయ్యాక వేరే ఫోన్‌లో కొనేవాళ్లలా తెరిచి, ఏడాదిలోపు ఫిల్టర్ పెట్టి మీ సెట్ పేరు వెతకండి, వచ్చిందంటే ఆర్డర్లు రాకముందే యూనిట్ మార్చేయండి.