పదిహేడో ఎపిసోడ్: పట్టాక ఎన్ని అడుగులు?

స్వాతి: రికార్డింగ్ మొదలైంది మాస్టారూ. పంపు పక్కన పెట్టండి.

మాస్టారు: పెట్టాను. ఈరోజు పంపు ఊసెత్తనని మాటిచ్చాను కదా.

స్వాతి: పోయినసారీ ఇచ్చారు. సరే, ఇవాళ ఆరు, ఏడు తరగతుల పిల్లలకు హ్యాండ్‌బాల్. పాసులు, డ్రిబ్లింగు, మూడడుగుల రూలు, మూడూ చిన్న ఆటలతో ఎలా నేర్పాలో చెప్పుకుందాం. పాసులతో మొదలుపెడదామా?

మాస్టారు: పాసుల కంటే ముందు బంతి. స్కూల్లో మూడో సైజు ఉంది కదా అని అదే ఇచ్చేస్తారు. దాని చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు. ఏడో తరగతి పిల్ల చెయ్యి దాని మీద ఆగదు. ఒంటిచేత్తో విసరలేక రెండు చేతులతో తోసేస్తుంది. ఒకటో సైజు అయితే 50, 52 మధ్య ఉంటుంది. అదీ లేకపోతే మూడో సైజులోనే కాస్త గాలి తీసి...

స్వాతి: మాస్టారూ!

మాస్టారు: గాలి అన్నాను. పంపు అనలేదు.

స్వాతి: (నవ్వు) గాలి తీస్తే పట్టుకోవడానికి బాగుంటుంది, కానీ నేలకు కొడితే లేవదు. అందుకే పాసుల బంతి వేరు, డ్రిబ్లింగు బంతి వేరు పెట్టుకుంటాను. డ్రిబ్లింగుకి పాత వాలీబాలైనా చాలు. ఇక పాసులకి నేను ఆడించేది ‘పది పాసులు’. వాలీబాల్ కోర్టులో ఒక సగం, అంటే తొమ్మిది మీటర్లకు తొమ్మిది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బంతి నేల తాకకుండా, అవతలివాళ్ళకు చిక్కకుండా వరసగా పది పాసులైతే ఒక పాయింటు. ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇవ్వకూడదు. డ్రిబుల్ చెయ్యకూడదు.

మాస్టారు: డ్రిబుల్ తీసేయడం మంచిపని. లేకపోతే బంతి దొరగ్గానే తలొంచుకుని తపతపా కొడతారు. పక్కన ఖాళీగా ఎవరున్నారో చూడరు. అదే ఖో-ఖో ఆడిన పిల్లలైతే...

స్వాతి: వచ్చేసింది. మూడు నిమిషాలు కూడా కాలేదు.

మాస్టారు: నిజం కాదా? మొదటి అడుగు ఖో-ఖో పిల్లలు వేసినట్టు ఎవరూ వెయ్యలేరు.

స్వాతి: మొదటి అడుగు సరే, నాలుగోది కూడా వేసేస్తారు కదా, అదే గొడవ. మొన్న ఏడో తరగతికి ఆడించాను. ఇరవైమంది ఆటలో ఉన్నారు. బయట ఉన్నవాళ్ళకు తలా ఒక ఆటగాణ్ణి అప్పజెప్పి, వాళ్ళ అడుగులు పైకి లెక్కపెట్టమన్నాను. ఒకమ్మాయి పరుగెత్తుతూ ఎగిరి బంతి పట్టింది. కుడికాలి మీద దిగింది. తర్వాత ఎడమ, కుడి, ఎడమ, పాసు. బయటివాడు ‘నాలుగు, ఫౌల్’ అన్నాడు. ఆమె ‘మూడే’ అంది. ఇద్దరూ నా దగ్గరికొచ్చారు.

మాస్టారు: నాలుగే.

స్వాతి: మూడు మాస్టారూ.

మాస్టారు: కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగు కాళ్ళు నేలకు తగిలాయి.

స్వాతి: తగిలాయి. కానీ గాలిలో బంతి పట్టి దిగిన కాలు లెక్కలోకి రాదు. రూలే అది. ఒంటికాలి మీద దిగినా, రెండు కాళ్ళ మీద ఒకేసారి దిగినా అది సున్నా. ఆ తర్వాతి కాలు ఒకటి. నేల మీద ఒక కాలుండగా పట్టినా అంతే. ఉన్న కాలు సున్నా, పడబోయేది ఒకటి.

మాస్టారు: రూలు నాకూ తెలుసు. నీకు విజిల్ పట్టుకోవడం నేర్పింది ఎవరు? నేననేది, పదకొండేళ్ళ పిల్లాడికి ఈ సున్నా ఎందుకని. నేను దిగిన కాలునే ఒకటి అంటాను. ఒక అడుగు తక్కువ వేస్తాడు, అంతేగా? నష్టమేముంది?

స్వాతి: నష్టం విసురులో ఉంది. లేచి నిలబడండి. బంతి పట్టండి. మీది కుడిచెయ్యి వాటం. కుడికాలి మీద దిగి, నా లెక్క ప్రకారం వెయ్యండి.

మాస్టారు: కుడి... సున్నా. ఎడమ ఒకటి, కుడి రెండు, ఎడమ మూడు.

స్వాతి: ఆగండి. ముందు ఏ కాలుంది?

మాస్టారు: ఎడమ.

స్వాతి: కుడిచెయ్యి వెనక్కి లాగారు, ఎడమకాలు ముందుంది. నడుము తిరుగుతుంది, బలమంతా బంతికి వెళ్తుంది. ఇప్పుడు మీ లెక్కతో మూడూ వాడుకోండి.

మాస్టారు: కుడి ఒకటి, ఎడమ రెండు, కుడి మూడు. ఊఁ...

స్వాతి: కుడిచెయ్యి, కుడికాలు రెండూ ముందే. ఇప్పుడు విసరండి. కుర్చీ మీద కాదు!

(ఏదో పడిన చప్పుడు)

మాస్టారు: ...రెండో అడుగుకే విసిరేయమంటాను.

స్వాతి: చెయ్యొచ్చు. అప్పుడు రూలు ఇచ్చిన పరుగులో రెండడుగులు మీరే లాక్కున్నట్టు. కానీ పిల్లలు రెండుకి ఆగరు. మూడు దొరికితే మూడూ వేస్తారు. మీ ఆరో తరగతివాళ్ళు చెయ్యి, కాలు ఒకే పక్క పెట్టి విసురుతున్నారని పోయిన నెల మీరే అన్నారు. మోచెయ్యి దించేస్తున్నారు, భుజం ఎత్తుకి తెమ్మని అరిచినా తేవట్లేదన్నారు. తప్పు మోచేతిలో లేదేమో.

మాస్టారు: (కాసేపు ఆగి) ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా.

స్వాతి: అప్పుడు మీరు పంపు గురించి మాట్లాడుతున్నారు.

మాస్టారు: సరే, ఒప్పుకుంటా. కానీ సున్నా అనే మాట పిల్లల నోట్లో నిలబడదు. సున్నా అంటే పాయింటు పోయిందనుకుంటారు.

స్వాతి: నేనూ అనను. ‘పట్టు’ అనిపిస్తా. పట్టు, ఒకటి, రెండు, మూడు. దిగే కాలికి ‘పట్టు’ పోతుంది. పాత సైకిల్ టైర్లు మూడు వరసగా పరుస్తాం. టైర్లకు ముందు ఎగిరి బంతి పట్టాలి, దిగేది టైరు బయటే. తర్వాత టైరుకో అడుగు, మూడో టైరులోంచి పాసు. కుడిచేతివాళ్ళు కుడికాలి మీద దిగాలి. ఎడమకాలి మీద దిగితే మూడో టైరులో కుడికాలు పడుతుంది, వాళ్ళకే ఇబ్బంది తెలుస్తుంది. ఎడమచేతివాళ్ళకు ఇదంతా తిరగేసి. నాలుగైదు సార్లయ్యాక టైర్లు తీసేసి మళ్ళీ ‘పది పాసులు’.

మాస్టారు: ఖో-ఖోలో కూడా కూర్చున్నవాడు ఏ కాలితో లేవాలో ఇలాగే...

స్వాతి: రెండోసారి. ఇక డ్రిబ్లింగు. టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. మూడడుగులు వేసి, బంతిని ఒక్కసారి నేలకు కొట్టి పట్టుకుంటే ఇంకో మూడడుగులు వస్తాయి. పట్టుకున్నాక మళ్ళీ కొడితే ఫౌల్. అందుకే డ్రిబుల్ తిరిగి ఇచ్చాక కూడా మొదట్లో మనిషికి ఒక్క దెబ్బే. ఎవరూ అడ్డు లేనప్పుడు ముందుకెళ్ళడానికి మాత్రమే. అరచేత్తో చప్పుడొచ్చేలా బాదుతుంటే వేళ్ళతో నొక్కమనండి.

మాస్టారు: బాస్కెట్‌బాల్ ఆడొచ్చిన పిల్లలతో ఇంకో తిప్పలుంది. బంతి దొరగ్గానే అడుగు వెయ్యకుండా కొట్టేస్తారు. చేతిలో ఉన్న మూడడుగులూ వృథా.

స్వాతి: వాళ్ళకు టైర్లే మందు. కొట్టడానికి ముందు కనీసం రెండు టైర్లు దాటాలి.

మాస్టారు: సరేగానీ, నాకో అనుమానం. నిలబడి ఉన్నాడు. ఒక కాలు జరిపాడు, ఒకటి. తర్వాత రెండో కాలు దాని పక్కకు ఈడ్చాడు. అది రెండా?

స్వాతి: కాదు. పక్కకు ఈడ్చుకోవచ్చు, లెక్కలోకి రాదు.

మాస్టారు: ఎత్తి పెడితే?

స్వాతి: ఎత్తిపెడితే అడుగే.

మాస్టారు: దుమ్ములో ఈడ్చాడో ఎత్తాడో నీకు కనబడుతుందా? మన గ్రౌండులో?

స్వాతి: అదీ... ఉండండి, ఎవరో తలుపు కొడుతున్నారు. ఏంట్రా?

(దూరంగా పిల్లవాడి గొంతు: టీచర్, బంతిలో గాలి లేదు, పంపు ఇస్తారా?)

మాస్టారు: చూశావా!

స్వాతి: ఆపేస్తున్నా.