స్ట్రాబెర్రీ యోగర్ట్ డబ్బాలో పెరుగెంత, చక్కెరెంత? లేబుల్ చదివి చూద్దాం

నమస్తే అండీ. టేబుల్ మీద మూడు డబ్బాలు ఉన్నాయి చూడండి. మొదటిది ఏ ఫ్లేవరూ కలపని మామూలు పెరుగు. రెండోది అదే కంపెనీ అమ్మే స్ట్రాబెర్రీ యోగర్ట్, 125 గ్రాముల కప్పు. మూడోది కూడా ఫ్లేవర్డ్ యోగర్టే, కానీ ఇది ఫ్రిజ్ బయట, మామూలు అరలో నెలల తరబడి నిలవ ఉండే రకం. కంపెనీ పేర్ల మీద స్టిక్కర్లు అంటించేశాను. మీరు కొనేది వేరే బ్రాండ్ కావచ్చు, లేబుల్ చదివే పద్ధతి మాత్రం ఇదే.

ఫ్లేవర్డ్ డబ్బాను ఒక్కదాన్నే చేతిలో పట్టుకుని చూస్తే అందులో ఏం తగ్గిందో, ఏం పెరిగిందో తెలియదు. అందుకే మామూలు పెరుగు డబ్బాను పక్కన పెట్టుకున్నాను. ఈ రోజు అదే మన కొలత. షాపులో కూడా ఇలాగే చేయండి. రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఉంటాయి కాబట్టి ఒక నిమిషం పని.

ముందు చక్కెర సంగతి. మామూలు పెరుగు లేబుల్‌లో 100 గ్రాములకు టోటల్ షుగర్స్ 4.6 గ్రాములు అని ఉంది. చక్కెర వేయని పెరుగులో ఇదెక్కడిది అని కంగారు పడకండి. పాలల్లో సహజంగా ఉండే లాక్టోజ్ అది. తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా అందులో కొంత భాగాన్నే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, మిగతాది పెరుగులోనే ఉండిపోతుంది. దాని గురించి మనకు దిగులు లేదు.

ఇప్పుడు స్ట్రాబెర్రీ డబ్బా. ఇక్కడ 100 గ్రాములకు 13.2 గ్రాములు. యాడెడ్ షుగర్స్ అని విడిగా ఒక వరుస ఉంటే నేరుగా ఆ అంకె చూసుకోవచ్చు. ఈ డబ్బా మీద అది లేదు కాబట్టి మనమే తీసివేత చేసుకోవాలి. 13.2లోంచి 4.6 తీసేస్తే 8.6 వస్తుంది. షాపులో నిలబడి చేసుకోవడానికి ఈ లెక్క చాలు. కానీ ఇది నిజం కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది. ఎందుకంటే డబ్బాలో ఉన్నదంతా పెరుగు కాదు. పండు, చక్కెర, చిక్కదనానికి వేసినవి కలిసి కొంత చోటు ఆక్రమిస్తాయి. పెరుగు వాటా 85 శాతం అనుకుందాం. అప్పుడు లాక్టోజ్ 3.9 గ్రాములే. స్ట్రాబెర్రీ 4 శాతం అని రాశారు, అంటే 100 గ్రాముల్లో 4 గ్రాముల పండు. ఆ కాస్త పండులో సొంత తీపి 0.2 గ్రాములకు మించదు. మిగిలిన 9.1 గ్రాములూ బయట నుంచి కలిపిందే.

కప్పు 125 గ్రాములు కదా, దాని ప్రకారం లెక్క వేస్తే 11.4 గ్రాములు. టీస్పూన్‌కి 4 గ్రాముల చొప్పున దాదాపు మూడు టీస్పూన్ల చక్కెర, ఈ చిన్న కప్పులో. రోజుకు 2000 కేలరీలు తినే పెద్దవాళ్లకు బయట నుంచి చేరే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 25లో సగానికి దగ్గరగా ఒక్క కప్పుతోనే అయిపోతోంది. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ, ఈ కప్పుల మీద బొమ్మలేమో వాళ్ల కోసమే వేస్తారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

లెక్కలు వద్దనుకునేవాళ్లు ఇంగ్రీడియెంట్స్ వరుస చూడండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది పద్ధతి. ఇక్కడ పాల తర్వాత చక్కెర, ఆ తర్వాతే స్ట్రాబెర్రీ ఉన్నాయి. మూత మీద అంత పెద్ద పండు బొమ్మ వేసిన డబ్బాలో పండు కన్నా చక్కెర రెండింతలకు పైగా ఉంది. కొన్ని డబ్బాల్లో చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, పండ్ల రసం కాన్‌సెంట్రేట్ అని తీపిని నాలుగు ముక్కలు చేసి రాస్తారు. విడివిడిగా ఒక్కోటీ వరుసలో కిందకి జారిపోతుంది, కలిపితే పైకి రావాల్సింది. నో యాడెడ్ షుగర్ అని రాసిన డబ్బా కనబడితే, తీపి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వరుసలోనే వెతకండి. సుక్రలోజ్, స్టీవియా లాంటి పేర్లు అక్కడే దొరుకుతాయి.

ఇక చిక్కదనం. మూత తీసి చెంచా పెడుతున్నాను, చూడండి. స్ట్రాబెర్రీది మామూలు పెరుగు కన్నా చిక్కగా ఉంది కదా? ఇప్పుడు ప్రొటీన్ వరుస చూద్దాం. మామూలు పెరుగులో 100 గ్రాములకు 4 గ్రాములు. స్ట్రాబెర్రీలో 2.9. చిక్కగా ఉన్నదాంట్లో ప్రొటీన్ తక్కువ! పండు, చక్కెరల వాటా తీసేసి 85 శాతం లెక్క వేసినా 3.4 ఉండాలి. అంతకన్నా తగ్గిందంటే ఇందులో వాడిన పెరుగే కాస్త పలచనిదన్నమాట.

పెరుగు గట్టిపడేది పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వల్ల. పులుపు పెరిగేకొద్దీ ఆ ప్రొటీన్ ఒక వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతుంది. ప్రొటీన్ తగ్గితే ఆ వల పలచబడి తేట బయటికి వస్తుంది. దాన్ని ఆపడానికి మోడిఫైడ్ స్టార్చ్, పెక్టిన్, జెలటిన్, గ్వార్ గమ్ లాంటివి వేస్తారు. ఇవి విషాలేం కాదు, అనుమతించిన పరిమాణంలో వాడితే టెన్షన్ పడాల్సిన పని లేదు. పెక్టిన్ పండ్ల నుంచి వచ్చేదే. చిటికెడు పెక్టిన్ ఉందని నేనైతే ఏ డబ్బానూ పక్కన పెట్టను. నా అభ్యంతరమల్లా ఒకటే. పాలు ఇవ్వాల్సిన చిక్కదనాన్ని పిండి ఇస్తుంటే, మనం కొంటున్నది పెరుగు తక్కువ, నీళ్లు ఎక్కువ.

గ్రీక్ స్టైల్ అని రాసిన వాటి దగ్గర ఇది ఇంకా ముఖ్యం. నిజంగా తేట వడకట్టిన పెరుగైతే 100 గ్రాములకు ప్రొటీన్ సాధారణంగా 8 నుంచి 10 గ్రాములు ఉంటుంది. పేరు గ్రీక్ స్టైల్, ప్రొటీన్ 4, లోపల స్టార్చ్ అంటే, ఆ చిక్కదనం వడకట్టడం వల్ల వచ్చింది కాదు.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోండి. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పేరు లేకుండా 428 అనే నంబర్ మాత్రమే వేసినా అది జెలటినే. మోడిఫైడ్ స్టార్చ్ అయితే 1422 లేదా 1442, పెక్టిన్ అయితే 440 అని కనిపిస్తుంది. తినేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. జెలటిన్ ఉన్నది చెంచా మీద వణుకుతుంది, నోట్లో ఇట్టే కరిగిపోతుంది. స్టార్చ్ ఎక్కువైనది నాలుక మీద జిగురుగా నిలబడుతుంది. మామూలు పెరుగు మీద కాస్త తేట ఊరితే మాత్రం అది పాడైనట్టు కాదు, కలిపేసుకుని తినొచ్చు.

ఇప్పుడు మూడో డబ్బా. దీని ముందు భాగంలో మేడ్ విత్ యోగర్ట్ కల్చర్స్ అని ఉంది. అబద్ధం కాదు, తోడు పెట్టకుండా పెరుగు ఎలాగూ కాదు కదా. కానీ తోడు పెట్టారా అన్నది కాదు మన ప్రశ్న, ఆ బ్యాక్టీరియా ఇంకా బతికే ఉందా అన్నది. దానికి జవాబు వెనక చిన్న అక్షరాల్లో దొరికింది: హీట్ ట్రీటెడ్ ఆఫ్టర్ ఫెర్మెంటేషన్. తోడుకున్నాక మళ్లీ వేడి చేశారు. ఆ వేడికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, అందుకే ఇది ఫ్రిజ్ లేకుండా నిలవ ఉంటోంది.

మనం వెతకాల్సింది కంటెయిన్స్ లైవ్ కల్చర్స్ అనే మాట. మొదటి రెండు డబ్బాల మీద అది ఉంది. మామూలు పెరుగు డబ్బా మీదైతే లాక్టోబాసిల్లస్ బల్గేరికస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అని పేర్లు కూడా రాశారు. యోగర్ట్ తయారయ్యేది ఈ రెండింటితోనే. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం యోగర్ట్ గడువు తేదీ దాకా గ్రాముకు కనీసం కోటి బ్యాక్టీరియా బతికి ఉండాలి. రోజులు గడిచేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతూ పోతుంది కాబట్టి, అరలో వెనక ఉన్న తాజా తేదీ డబ్బా తీసుకోవడం మేలు.

బతికి ఉంటే మనకేంటి అంటారా? పాలు తాగితే కడుపు ఉబ్బరం చేసేవాళ్లకు ఇది సూటిగా తగిలే విషయం. పెరుగులోని లాక్టోజ్ అరగడానికి ఈ బ్యాక్టీరియా సాయం చేస్తుంది. వేడి చేసి చంపేశాక ఆ సాయం ఉండదు. మూడో డబ్బాలో ప్రొటీన్, కాల్షియం ఎక్కడికీ పోవు, ఆ సంగతి కూడా చెప్పాలి.

లేబుల్ మాట నిజమో కాదో ఇంట్లోనే చూడొచ్చు, నేను చూశాను. పాలు మరగబెట్టి, గోరువెచ్చగా 42 డిగ్రీల దాకా చల్లార్చి, మూడు గిన్నెల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున పోశాను. ఒక్కోదానికి ఒక్కో డబ్బా నుంచి తలా ఒక టీస్పూన్ తోడు వేసి, ఎనిమిది గంటలు వెచ్చగా ఉంచాను. ఇదిగో ఫలితం. మామూలు పెరుగు వేసిన గిన్నె గట్టిగా తోడుకుంది. స్ట్రాబెర్రీది మెత్తగా తోడుకుంది. మూడోది పాలు పాలుగానే ఉన్నాయి. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బ్యాక్టీరియా బతికి ఉందని చెబుతుంది గానీ ఎంత ఉందో చెప్పదు. తోడు మరీ ఎక్కువ వేయకండి, పుల్లటి పండు కలిసిన యోగర్ట్ ఎక్కువైతే ఆ పులుపుకే పాలు విరిగి, తోడుకున్నట్టు అనిపించవచ్చు.

డబ్బా తీసుకునేటప్పుడు మూత మీద వేలు పెట్టి చూడండి. ఉబ్బి ఉంటే వద్దు. పండు, చక్కెర ఉన్న యోగర్ట్‌లో ఈస్ట్ చేరి గ్యాస్ తయారైతే మూత అలా పొంగుతుంది.

ఇక నా తీర్పు. మూడోది నేను కొనను. ప్రయాణంలో ఫ్రిజ్ లేని చోట తప్ప దానికి పని లేదు. స్ట్రాబెర్రీది బతికున్న పెరుగే, రుచి కూడా బాగుంది, కానీ దాన్ని ఎప్పుడో ఒకసారి తినే స్వీట్ లెక్కలో వేస్తాను, రోజువారీ పెరుగు లెక్కలో కాదు. ఇంట్లో పిల్లలు ఆ రుచే కావాలంటే, 100 గ్రాముల మామూలు పెరుగులో 25 గ్రాముల పండు ముక్కలు, ఒక టీస్పూన్ చక్కెర వేసి కలపండి. దాదాపు అదే 125 గ్రాముల కప్పు. పండు డబ్బాలో ఉన్నదానికి అయిదింతలు, కలిపిన చక్కెర 11.4కి బదులు 4 గ్రాములు. మీ ఫ్రిజ్‌లో ఉన్న ఫ్లేవర్డ్ డబ్బా అంకెలు కామెంట్‌లో పెట్టండి, పక్కన అదే కంపెనీ మామూలు పెరుగు అంకెలు కూడా రాయండి. రెండూ ఉంటేనే లెక్క తేలుతుంది.