తగవు డబ్బాకా, ఖాతాకా?

అందరికీ నమస్కారం. పలాసలో జీడిపప్పు వ్యాపారం అరువు లేకుండా నడవదని మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి అరువు ఇవ్వాలా వద్దా అన్న చర్చలోకి వెళ్లను. ఇచ్చిన అరువు మీద కొనుగోలుదారు పేచీ పెట్టినప్పుడు మీ ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేయాలో, మనవాళ్లు ఎక్కడ తప్పుతారో, ఆ ఒక్కటే మాట్లాడతాను.

లెక్క కోసం ఒక పార్టీని ఊహించుకుందాం. ఊరు రాయ్‌పూర్, అరువు పరిమితి 20 లక్షలు. చెల్లించని బిల్లులు మూడు: 7 లక్షలు, 5 లక్షలు, 4 లక్షలు. సరుకు వెళ్లి బిల్లు వేయనిది లక్ష, ఇంకా పంపాల్సిన ఆర్డరు లక్షన్నర. పరిమితితో పోల్చేటప్పుడు వీటన్నిటినీ కూడాలి, అంటే 18.5 లక్షలు. చాలాచోట్ల బిల్లుల మొత్తాన్ని మాత్రమే చూసేలా సెట్ చేసి వదిలేస్తారు. అప్పుడు లారీ ఎక్కిన సరుకు కంప్యూటర్‌కు కనబడదు.

ఇప్పుడు 7 లక్షల బిల్లు మీద పేచీ వచ్చింది. పది కిలోల డబ్బాలు వంద, కిలో 700 రూపాయలు. (పన్ను పక్కన పెడదాం.) పన్నెండు డబ్బాల్లో ముక్క ఎక్కువగా ఉందని ఫిర్యాదు. ఆ పన్నెండు డబ్బాల ధర 84,000. కానీ పార్టీ ఆపింది మొత్తం 7 లక్షలు!

ఇక్కడ మన గుమాస్తా మంచి ఉద్దేశంతోనే ఒక పని చేస్తాడు. తగవు నడుస్తుండగా రిమైండర్ లేఖలు వెళ్తే బాగుండదని, పార్టీ ఖాతా మీదే డనింగ్ బ్లాక్ పెడతాడు. దాంతో ఏ పేచీ లేని 5 లక్షలు, 4 లక్షల బిల్లులకు కూడా లేఖలు ఆగిపోతాయి. గడువు దాటి నెల గడిచినా ఎవరూ అడగరు. బ్లాక్ ఉండాల్సింది ఖాతాకు కాదు, బిల్లుకు. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే ఆ 84,000కు. మీ సాఫ్ట్‌వేర్ బిల్లును విడగొట్టి తగవు రాసుకోనిస్తే అలాగే చేయండి. లేదంటే బిల్లుకు బ్లాక్ పెట్టి, పేచీ లేని 6,16,000 కోసం విడిగా లేఖ రాయండి.

పార్టీ ఆ 6,16,000 పంపిందనుకోండి. జమ చేసే తీరులో ఇంకో గొయ్యి ఉంది. పాత బిల్లు మూసేసి మిగిలిన 84,000ను కొత్త పద్దుగా వేస్తే, దానికి ఈరోజు తేదీ పడే ప్రమాదం ఉంది. గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కవుతుంది, పాతబడిన బాకీ వయసుల నివేదికలో పసిపాపలా కనబడుతుంది. లేఖల స్థాయి కూడా మొదటికొస్తుంది. పాక్షిక చెల్లింపుగా వేసి పాత బిల్లును తెరిచి ఉంచడం మేలు. కొత్త పద్దు తప్పకపోతే పాత గడువు తేదీని చేత్తో దిద్దండి.

మరి కొత్తగా 3 లక్షల ఆర్డరు వస్తే? చెల్లింపు ఇంకా రాకముందే వచ్చిందనుకుందాం. 18.5కు 3 కలిపితే 21.5, ఆర్డరు ఆగుతుంది. అమ్మకాల మనిషి వచ్చి, "ఆ 7 లక్షలు తగవులో ఉన్నాయి కదండీ, తీసేసి చూడండి" అంటాడు. తీయకూడదు. సరుకు మన గోదాములో లేదు, డబ్బు మన బ్యాంకులో లేదు. గడువు దాటిన 5 లక్షలు కట్టమనండి. అప్పుడు మొత్తం 13.5కు దిగుతుంది, కొత్త ఆర్డరుతో 16.5. ఎవరి సంతకమూ అక్కర్లేకుండా బండి కదులుతుంది.

తగవును పరిష్కరించే దగ్గర తేదీ కీలకం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల సరుకు మీద కొనుగోలుదారు అభ్యంతరాన్ని సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే సరుకు అంగీకరించినట్టే. డబ్బు కట్టే గడువు ఇద్దరూ ఒప్పుకున్నా, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించకూడదు. అందుకే తగవు నమోదులో ఫోను వచ్చిన రోజు కాకుండా, ఉత్తరమో మెయిలో అందిన తేదీ వేసి, దాన్నే జత చేయండి.

మన రాయ్‌పూర్ లెక్కలో డబ్బాలు తెరిచి చూస్తే ముక్క నిజమే, కిలోకు 120 తగ్గించాలని తేలిందనుకోండి. 120 కిలోలకు 14,400. అంతకే క్రెడిట్ నోట్, అదీ ఆ బిల్లు నంబరుకే ముడిపెట్టి. మిగిలిన 69,600 మీద బ్లాక్ అదే రోజు తీసేయాలి. చాలామంది క్రెడిట్ నోట్ వేసి బ్లాక్ సంగతి మరిచిపోతారు. నెలాఖరున బ్లాక్ ఉన్న బిల్లుల జాబితా తీసి, వాటిలో కారణం రాయనివీ, ముప్పై రోజులు దాటినవీ ముందు చూడండి. ఆ 69,600 దొరికేది అక్కడే.