పాత కొనుగోలుదారుకు కొత్త రుచి: శాంపిల్ పంచడంలో లెక్క, జాగ్రత్త

సభకు నమస్కారం. చిరుధాన్యాల చిరుతిండ్లను ప్యాకెట్లలో అమ్మేవారికి ఏదో ఒక దశలో ఎదురయ్యే ప్రశ్న గురించి ఈరోజు మాట్లాడతాను. మన దగ్గర నాలుగు రుచులున్నాయి, వాటిని క్రమం తప్పకుండా కొనేవారున్నారు, ఇప్పుడు ఐదో రుచి సిద్ధమైంది. దాన్ని వారికి పరిచయం చేయడానికి ఆర్డరుతో పాటు ఒక చిన్న శాంపిల్, తర్వాతి కొనుగోలుకు ఒక తగ్గింపు కూపన్ పంపుదామనుకుంటాం. బయటివారికి శాంపిల్ ఇచ్చినప్పుడు వచ్చిన ప్రతి అమ్మకమూ కొత్తదే. పాతవారికి ఇచ్చినప్పుడు అలా కాదు. వారు కొత్త రుచి కొన్నారంటే, ఎప్పుడూ కొనే పాత రుచిని ఆ నెల మానేసి ఉండవచ్చు. అప్పుడు మనం డబ్బు సంపాదించినట్టు కాదు, ఖర్చు పెట్టి మరీ ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టు.

లెక్కకు తర్వాత వస్తాను. ముందు శాంపిల్ ప్యాకెట్ సంగతి చూద్దాం, ఎందుకంటే అది పాడైతే ఎంత మంచి లెక్కయినా తప్పు జవాబే చెబుతుంది.

నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో సజ్జతో చేసిన ఉబ్బిన చిరుతిండికి కొత్త రుచి తెచ్చినప్పుడు, చిన్న ప్యాకెట్లను విడుదలకు రెండు నెలల ముందే, చేతికి దొరికిన పలచని ప్లాస్టిక్ కవర్లలో నింపి ఉంచాం. అమ్మకపు ప్యాకెట్‌కు లోహపు పూత ఉన్న మందపాటి పొర, లోపల నైట్రోజన్ ఉండేవి. శాంపిల్‌కు ఆ రెండూ లేవు. సజ్జలో మిగతా అనేక ధాన్యాల కంటే కొవ్వు ఎక్కువ, సుమారు ఐదు శాతం. పచ్చి పిండిలోనైతే ఆ కొవ్వును విడగొట్టే ఎంజైమే చేదు తెస్తుంది. ఎక్స్‌ట్రూడర్‌లోని వేడి ఆ ఎంజైమును చాలావరకు అణచివేస్తుంది కానీ, ఉబ్బిన తర్వాత ముక్కంతా సన్నని రంధ్రాలతో నిండిపోయి, లోపలి కొవ్వుకు, పైన చల్లిన నూనెకు గాలి సులువుగా తగులుతుంది. ప్యాకెట్ చిన్నదయ్యేకొద్దీ లోపలి సరుకుతో పోలిస్తే కవరు వైశాల్యం ఎక్కువై, గాలి, తేమ దూరే దారి పెరుగుతుంది. ఫలితంగా మా పాత కొనుగోలుదారులు కొత్త రుచిని కాక, మెత్తబడి మక్కు వాసన పట్టిన పాత సరుకును రుచి చూశారు. ఫిర్యాదులు కొద్దిగానే వచ్చాయి, ఉచితంగా వచ్చినదాని గురించి ఎవరూ పనిగట్టుకుని ఫోన్ చేయరు కదా. శాంపిల్ అందినవారిలో కొందరు పాత రుచులు కొనడం కూడా తగ్గించాక గాని మాకు విషయం బోధపడలేదు.

అందుకే శాంపిల్ ప్యాకెట్ పొర అమ్మకపు ప్యాకెట్ పొరే కావాలి, అదే బ్యాచ్ సరుకు నింపాలి, నింపిన రెండు మూడు వారాల్లో పంపేయాలి. ప్రతి విడతలో కొన్ని ప్యాకెట్లను మన దగ్గరే మామూలు గదిలో ఉంచుకుని, కొనుగోలుదారు చేతికి చేరే రోజున తెరిచి వాసన చూడాలి, కొరికి చూడాలి. ప్రయోగశాల పరీక్ష మంచిదే కానీ, చాలాసార్లు ముక్కు ముందుగా పట్టేస్తుంది.

పరిమాణం విషయంలో పొదుపుకు పోయి రెండు మూడు ముక్కలు పెట్టడం నాకు నచ్చదు. పులుపు, కారం, పొగ వాసన వంటి ఘాటైన రుచులు మొదటి ముక్కలో అబ్బురంగా ఉండి, గుప్పెడు తినేసరికి వెగటు పుట్టించగలవు. నెమ్మదైన రుచులకు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది. కొనుగోలుదారు మళ్లీ కొనేది గుప్పెడు తిన్న అనుభవాన్ని బట్టి కనుక, ఒక గుప్పెడు, అంటే 12 నుంచి 15 గ్రాములు ఇవ్వాలి. అంత చిన్న ప్యాకెట్‌లో మసాలా పొడి సమానంగా పడుతుందా అన్నది ఇంకో సమస్య. పెద్ద ప్యాకెట్‌లో అడుగున చేరిన పొడి మొత్తం మీద సర్దుకుపోతుంది. చిన్న ప్యాకెట్లలో ఒకదానికి పొడి ఎక్కువై, ఇంకోదానికి చప్పిడి సరుకు పడవచ్చు. మసాలా పట్టించే డ్రమ్ము ఖాళీ అయ్యే చివరి దశలో వచ్చే సరుకును శాంపిళ్లకు వాడకపోవడమే మేలు.

ఇక లేబుల్. పాత కొనుగోలుదారు మన ప్యాకెట్ వెనక ఉన్న పదార్థాల జాబితాను ఒకసారి చదివి, ఆ తర్వాత నమ్మకంతో చదవడం మానేస్తాడు. చిరుధాన్యాలను ఎంచుకునేవారిలో గోధుమలోని గ్లూటెన్ పడనివారు, పాల పదార్థాలు మానినవారు ఉంటారు. చీజ్, పెరుగు, వేయించిన ఉల్లి వంటి రుచుల పొడుల్లో పాల పొడి, సోయా ప్రోటీన్, కొన్నిసార్లు గోధుమ నుంచి తీసిన పదార్థాలు కలుస్తాయి. పాత నాలుగు రుచుల్లో పాలు లేకుండా ఐదో దానిలో ఉంటే, ఆ మాటను శాంపిల్ ముందు వైపే పెద్ద అక్షరాలతో రాయాలి. పదార్థాలు, బ్యాచ్ నంబరు, వాడదగిన గడువు ఉచిత ప్యాకెట్ మీద కూడా ఉండాలి. ఒకే డ్రమ్ములో అన్ని రుచులకూ పొడి పట్టించేవారైతే, పాత రుచుల లేబుల్‌లో కూడా మార్పు అవసరమవుతుందేమో శాంపిల్ బయటికి వెళ్లకముందే తేల్చుకోవాలి.

ఎప్పుడు పంపాలన్నది తరచుగా పొరపడే చోటు. ఆర్డరుతో పాటు శాంపిల్ పంపిన రోజున ఆ ఇంట్లో మన ప్యాకెట్లు నిండుగా ఉంటాయి. సగటు కొనుగోలుదారు 24 రోజులకొకసారి కొంటున్నాడనుకుందాం. కూపన్‌కు వారం గడువు పెడితే అది నిల్వ తరగకముందే చెల్లిపోతుంది, లేదా అవసరం లేకపోయినా ముందే కొనిపిస్తుంది, ఆ కొనుగోలు వచ్చే నెల ఆర్డరును మింగేస్తుంది. అందుచేత కూపన్ పదిహేనో రోజున మొదలై నలభయ్యో రోజు వరకు చెల్లేలా ఉంచి, ఫలితాన్ని ఎనిమిది వారాల పాటు చూడాలి. ఆ వ్యవధిలో రెండు కొనుగోళ్ల చక్రాలు పూర్తవుతాయి కనుక ముందే కొని పెట్టుకున్న సరుకు ప్రభావం కూడా తేలిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. అంకెలు నేను వివరణ కోసం ఊహించినవి. గత మూడు నెలల్లో కనీసం రెండుసార్లు కొన్నవారు 8,000 మంది. వీరిలో 6,000 మందికి శాంపిల్, కూపన్ వెళ్తాయి. మిగతా 2,000 మందికి ఏదీ వెళ్లదు, అయితే కొత్త రుచి వారికీ అమ్మకంలో కనిపిస్తుంది. ఈ విభజన చీటీలు తీసినట్టు జరగాలి: ఖాతా సంఖ్య చివరి రెండంకెలు 00 నుంచి 24 వరకు ఉన్నవారిని పక్కన పెడితే చాలు. గోదాములో ప్యాక్ చేసేవారి ఇష్టానికి వదిలేస్తే, పెట్టెలో చోటుంది కదా అని పెద్ద ఆర్డర్లలోనే శాంపిల్ వేస్తారు. అప్పుడు శాంపిల్ అందినవారు ఎక్కువ కొన్నట్టు కనిపించడంలో ఆశ్చర్యం ఉండదు.

ఎనిమిది వారాల తర్వాత చూస్తే, శాంపిల్ అందనివారు నూరుమందికి మొత్తం 300 ప్యాకెట్లు కొన్నారు, అందులో కొత్త రుచివి 8. శాంపిల్ అందినవారు నూరుమందికి 312 కొన్నారు, అందులో కొత్త రుచివి 30. సమీక్షా సమావేశాల్లో సాధారణంగా తెరమీదికి వచ్చే అంకె ఆ 30 ఒక్కటే: ఆరు వేల మందికి 1,800 ప్యాకెట్లు. ఒక ప్యాకెట్ మీద మిగిలే లాభం మూడు శాంపిళ్ల ఖర్చుకు సమానమనుకుంటే, కూపన్ తగ్గింపును పక్కన పెట్టినా, 6,000 శాంపిళ్లు రాబట్టాల్సింది 2,000 ప్యాకెట్ల లాభం. 1,800 వచ్చాయంటే దాదాపు గట్టెక్కామని చప్పట్లు కొడతారు. నిజానికి నూరుమందిలో అదనంగా పెరిగింది 12 ప్యాకెట్లే, మొత్తం మీద 720. పాత రుచులు మాత్రం 292 నుంచి 282కు పడిపోయాయి.

ఇక్కడితో ఆపితే పథకం విఫలమైందని తేల్చేస్తాం. కానీ కొనుగోలుదారులందరూ ఒకేలా ఉండరు. ప్రయత్నం మొదలవకముందే రెండు వర్గాల్లోనూ కొనుగోళ్ల మధ్య విరామం పెరుగుతూ వస్తున్నవారిని గుర్తించి పెట్టుకున్నామనుకోండి. ఐదింట ఒక వంతు, అంటే శాంపిల్ అందినవారిలో 1,200 మంది, అందనివారిలో 400 మంది. ఈ మందగించినవారిలో నూరుమందికి 40 ప్యాకెట్లు అదనంగా పెరిగాయి, మొత్తం 480. వారి శాంపిళ్ల ఖర్చు 400 ప్యాకెట్ల లాభం. మిగతా 4,800 మంది నుంచి అదనంగా వచ్చినవి 240, వారి మీద ఖర్చు 1,600. నిలకడగా కొనేవారికి శాంపిల్ వృథా అయింది, వారు ఒక రుచికి బదులు ఇంకొకటి తీసుకున్నారంతే. ఉన్న రుచులతో విసుగెత్తినవారిని మాత్రం కొత్త రుచి వెనక్కి తెచ్చింది. అదనపు కొనుగోలు వచ్చేది విసుగు ఉన్న చోటనే అన్న సంగతి సగటు అంకెలో కనిపించదు.

ఈ వర్గాన్ని ముందే రాసి పెట్టుకోవాలన్న మాటను నొక్కి చెబుతున్నాను. ఫలితాలు వచ్చాక వయసు, ఊరు, ఆర్డరు పరిమాణం అంటూ వెతుక్కుంటూ పోతే ఏదో ఒక ముక్కలో లాభం తప్పక కనబడుతుంది, మళ్లీ చేస్తే అది మాయమవుతుంది. అలాగే 400 మంది ఉన్న వర్గంలో వేడుకకో మరి దేనికో ఒకేసారి యాభై ప్యాకెట్లు కొన్నవారు ముగ్గురు నలుగురుంటే పోలిక మొత్తం వంగిపోతుంది. పెద్ద ఆర్డర్లను తీసేసి ఒకసారి, ప్యాకెట్లను కాక కొన్న మనుషులను లెక్కించి ఒకసారి చూడాలి. మూడు లెక్కలూ ఒకే వైపు చూపితేనే నమ్మవచ్చు. కొనుగోలుదారులు మొత్తం కలిపి కొన్ని వందల మందే ఉన్నవారికి ఇంత చిన్న తేడా అంకెల్లో తేలదు. వారు మందగించిన యాభై మందికి ఫోన్ చేసి, శాంపిల్ పూర్తిగా తిన్నారా, సగంలో ఆపారా అని అడగడం మెరుగు. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు.

పై లెక్క ప్రకారమైతే తర్వాతి విడతలో నేను శాంపిళ్లను విరామం పెరిగినవారికే పంపుతాను. నిలకడగా కొనేవారికి ప్యాకెట్‌లో ఒక చీటీ పెట్టి, కొత్త రుచి వచ్చిందని చెప్పి ఊరుకుంటాను. మందగించినవారిలో కూడా ఐదింట ఒకరికి ఈసారీ ఏమీ పంపను, రెండో విడతలో కూడా ఆ నలభై నిలబడిందో లేదో తెలియాలి కదా. కొత్త ప్యాకెట్ తొలిసారి కొన్నవారు కూపన్ లేకుండా రెండోసారి ఎందరు కొన్నారన్నది అప్పటికి పన్నెండో వారంలో చేతికొస్తుంది, ఐదో రుచిని ఉంచాలా తీసేయాలా అన్నది ఆ అంకెను చూసి నిర్ణయిస్తాను.