బ్యాక్‌బీట్‌కు పదును ఎక్కడి నుంచి వస్తుంది? రెండు స్నేర్ల పరీక్ష

నమస్కారం. ఈ రోజు లడ్‌విగ్ సుప్రాఫోనిక్ స్నేర్లు రెండింటిని పక్కపక్కన పెట్టి వాయించి చూద్దాం. మొదటిది 5 అంగుళాల లోతున్న ఎల్ఎమ్400, రెండవది 6.5 అంగుళాల ఎల్ఎమ్402. లెడ్ జెపెలిన్‌లో జాన్ బోనమ్ వాయించిన స్నేర్‌గా ఈ రెండవది ప్రసిద్ధి. రెండింటి వ్యాసం 14 అంగుళాలు, రెండింటి షెల్ అల్యూమినియం, లగ్‌లు పదేసి. హెడ్లు, స్నేర్ వైర్లు కూడా ఒకే రకానివి బిగించాను కనుక, ఒకే శ్రుతిలో ఉంచినప్పుడు మనకు వినిపించే తేడా ప్రధానంగా లోతు వల్ల వచ్చినదే.

ఇప్పుడు రెండింటి మీదా ఒకే బలంతో పడిన రిమ్‌షాట్లు వినండి. శ్రుతి దాదాపు ఒకటే. లోతు పెరిగితే శ్రుతి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు గానీ, శ్రుతిని ముఖ్యంగా నిర్ణయించేది హెడ్ బిగింపు. లోతైన షెల్‌లో రెండు హెడ్ల మధ్య గాలి ఎక్కువగా ఉండడం వల్ల దెబ్బ వెనుక నిండుదనం పెరుగుతుంది, వైర్ల స్పందన కొద్దిగా నెమ్మదిస్తుంది. 5 అంగుళాల దానిలో వైర్లు వెంటనే పలుకుతాయి, కానీ గిటార్లు దట్టంగా మోగుతున్నప్పుడు ఆ దెబ్బ పలచగా తోస్తుంది.

పదును చాలలేదనిపించగానే పై హెడ్‌నే ఇంకా ఇంకా బిగించడం మనలో చాలామందికి అలవాటు. కొంతవరకు అది పనిచేస్తుంది. ఆ హద్దు దాటాక హెడ్ స్వేచ్ఛగా కదలలేక, బల్ల మీద కొట్టినట్లు పొట్టి శబ్దం మాత్రమే మిగులుతుంది. గట్టిగా కొట్టినా శబ్దం పెరగదు. డ్రమ్ ఊపిరాడని స్థితికి చేరిందనడానికి అదే గుర్తు.

అందుకే నేను అడుగు హెడ్‌తో మొదలుపెడతాను. అది 3 మిల్, అంటే అంగుళంలో వెయ్యింట మూడు వంతుల మందమున్న పలచని పొర. రాడ్లను వేళ్లతో సమానంగా తిప్పి, ఆపై ఎదురెదురు లగ్‌ల వద్ద పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతి లగ్ నుంచి అంగుళం లోపలికి తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా సరిచేస్తాను. అడుగు హెడ్ పై హెడ్‌కన్నా ఎక్కువ శ్రుతిలో ఉంటే వైర్లు చురుగ్గా స్పందిస్తాయి. ఆ తరువాత 10 మిల్ కోటెడ్ పై హెడ్‌ను మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువగా మాత్రమే బిగిస్తాను. మిగిలిన పదును రిమ్‌షాట్ ఇస్తుంది.

రెండు పొరల హెడ్ వేస్తే మోత అణగి, గట్టి దెబ్బలకు ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ మెల్లని దెబ్బల్లో స్పష్టత తగ్గుతుంది. బరువైన రాక్ వాయించేవారికి నేను 6.5 అంగుళాల స్నేర్‌నే, ఒకే పొర హెడ్‌తో సూచిస్తాను. రిమ్‌షాట్ పడే వైపు రాడ్లు ముందుగా వదులవుతాయి కనుక, పాటకు పాటకు మధ్య ఆ రెండు మూడు లగ్‌ల స్వరాన్ని ఒకసారి తట్టి చూసుకోండి.