ఒక్క అక్షరమే కదా అన్నా!

వేదిక మీది పెద్దలకు, స్టూడియోల నుంచి, డీటీపీ సెంటర్ల నుంచి వచ్చిన తమ్ముళ్లకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైము అక్కడికే సరిపోతుంది, ఏమీ అనుకోకండి.

ఫోటోలో చొక్కా మీద తప్పు పడిన అక్షరాన్ని ఫోటోషాప్‌లో ఎలా మార్చాలో చెప్పమని నన్ను పిలిచారు. షాపు బోర్డుల గురించి కూడా చెప్పమన్నారు. అది చిన్న సంగతి. జగదాంబ జంక్షన్‌లో రోడ్డవతల నుంచి పక్కవాటుగా తీసిన ఫోటో అయినా సరే, బోర్డు చదునుగానే ఉంటుంది కదా. కొత్త పేరు తిన్నగా టైపు చేసుకుని, స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, Distort తో నాలుగు మూలలూ బోర్డు మూలలకు లాగండి. దూరంగా ఉన్న అక్షరాలు వాటంతటవే చిన్నవవుతాయి. గుడ్డ అలా మాట వినదు. నా గోలంతా గుడ్డతోనే.

మొన్నామధ్య ఒక క్రికెట్ టీమ్ కెప్టెన్ వచ్చాడు. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే తీయించుకున్న గ్రూప్ ఫోటో తెచ్చాడు. నేవీ బ్లూ టీషర్టులు, గుండెల మీద తెల్ల ఇంకుతో ‘విశాక బాయ్స్’. ఖ పడాల్సిన చోట క పడింది. ఫ్లెక్సీకి ఇవ్వాలట. “ఒక్క అక్షరమే కదా అన్నా, ఐదు నిమిషాల పని” అన్నాడు. ఈ మాట వినని వాళ్లు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు!

ముందు ఫాంటు. ప్రింటు వేసినవాడికి ఫోన్ చేసి అడగండి, నామోషీ ఏమీ లేదు. చెప్పకపోతే అనుమానమున్న ఫాంటులో ‘విశా’ అని టైపు చేసి, చొక్కా మీద ఉన్న ‘విశా’ పైన పరిచి చూడండి. గుడి వంపు, శ పొట్ట కలిశాయంటే ఖ కూడా కలుస్తుంది. అక్షరాన్ని అడ్డంగా ఎంత సాగదీశాడో కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఇక అసలు పని, పాత అక్షరం తీయడం. క కి తలకట్టు ఉంది, ఖ కి లేదు. కొత్త అక్షరం పైన పెట్టేస్తే పాతది కప్పబడిపోతుందిలే అనుకుంటే ఆ తలకట్టు కొమ్ము పైకి కనబడుతూనే ఉంటుంది. శుభ్రంగా తీయాల్సిందే. పక్క గుడ్డ తెచ్చి అతికేటప్పుడు అదే మడతలో, అదే వెలుగులో ఉన్న ముక్క తెచ్చుకోండి. బీచ్‌లో పొద్దుటి ఎండ సముద్రం వైపు నుంచి వాలుగా పడుతుంది, మడతకు ఒక పక్క తెలుపు, రెండో పక్క నలుపు. అటుది ఇటు అతికితే మడత తిరగబడినట్టుంటుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అక్షరాన్ని మడతలతో పాటు వంచడానికి Displace వాడతాం. శుభ్రం చేసిన చొక్కాకు ఒక కాపీ తీసి, బ్లాక్ అండ్ వైట్ చేసి, దారాల నేత కనబడనంత మాత్రం Gaussian Blur ఇచ్చి, PSD గా సేవ్ చేస్తాం. Displace కి మడత అంటే ఏమిటో తెలీదు తమ్ముళ్లూ! వెలుగు నీడలే తెలుసు. 128 దగ్గరున్న నడిమి బూడిద రంగు కదపదు, అంతకన్నా తెల్లనిది ఒకవైపు, నల్లనిది రెండోవైపు నెడుతుంది. మరి ఆ కాపీలో తెల్ల ఇంకు క మిగిలిపోయిందనుకోండి, దాన్నీ మడతే అనుకుంటుంది. కొత్త ఖ పాత క అంచుల వెంబడి విరుగుతుంది. చారల చొక్కాతో వచ్చే తలనొప్పీ ఇదే. స్కేలు 5 తో మొదలుపెట్టి పెంచండి, పక్కనున్న ‘శా’ ఎంత వంగిందో దీన్నీ అంతే వంచి ఆపండి.

వంగింది. అయినా స్టిక్కరులా ఉంటుంది, ఎందుకంటే నీడ పడలేదు. చొక్కాను అలాగే తెచ్చి Multiply చేస్తే తెల్ల అక్షరం నీలంగా మారిపోతుంది. ఆ బ్లాక్ అండ్ వైట్ కాపీనే తీసుకుని, Levels లో వెలుగు పడ్డ గుడ్డ పూర్తి తెలుపు అయ్యేదాకా లాగి, అప్పుడు అక్షరానికి మాత్రమే క్లిప్ చేసి Multiply పెట్టండి. మడత నీడ ఒక్కటే దిగుతుంది. అక్షరానికి తెలుపు కూడా ‘శా’ నుంచే తీసుకోండి, 255 వద్దు. చివర్లో అర పిక్సెలో, ఒక పిక్సెలో బ్లర్, కాస్త గ్రెయిన్. పక్క అక్షరం అంచు కన్నా దీని అంచు పదునుగా ఉంటే దొరికిపోతారు.

ఇదంతా ఒక్క చొక్కాకి. టీములో పదకొండు మంది! ఒక్కొక్కరిదీ ఒక్కో మడత, ఒకడు చేతులు కట్టుకున్నాడు, సగం అక్షరం మోచేతి కింద. ఒకరిది చేసి మిగతా వాళ్లకు అతికించడం కుదరదు. పైగా ఆ ఫోటో వాట్సాప్‌లో నలిగి వచ్చింది. నేత మొత్తం చదరాలు చదరాలుగా చెదిరిపోయింది, అతకడానికి గుడ్డే లేదు. ఫోటోగ్రాఫర్ దగ్గర ఒరిజినల్ తెమ్మని వెనక్కి పంపాను. అలిగి వెళ్లాడు, రెండు రోజులకు పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు.

వెనకాల ఎవరో ఎంబ్రాయిడరీ సంగతి అడుగుతున్నారు. దానికి ఈ పద్ధతి పనికిరాదు బాబూ. దారం ప్రతి కుట్టుకీ వెలుగు మారుస్తుంది. పక్క అక్షరాల నుంచి కుట్లు ముక్కలుగా తెచ్చి అక్షరం కట్టుకోవాలి. దానికి రేటు వేరే చెప్పండి, ముందే చెప్పండి.